శనివారం రాత్రులు ఎవరివి? చిన్న ఆసుపత్రిలో నెల డ్యూటీ చార్టు లెక్క

నెలాఖరులో, 28నో 29నో, ఇంజెక్షన్ రూం పక్క గోడకి కొత్త డ్యూటీ చార్టు అంటిస్తారు. పది నిమిషాల్లో దాని ఫొటో అందరి ఫోన్లలోకీ చేరుతుంది. ఎవరైనా ముందు చూసుకునేది తన పేరు ఎదురుగా ఎన్ని నైట్లు పడ్డాయని. ఆ వెంటనే చూసేది పక్కవాళ్ల పేరు ఎదురుగా ఎన్ని పడ్డాయని. "అందరికీ ఆరే వేశాను కదమ్మా" అంటుంది ఇన్‌ఛార్జ్ సిస్టర్. "ఆరే సిస్టర్, కానీ నా ఆరింట్లో మూడు శని, ఆదివారాలే" అంటుంది స్టాఫ్ నర్స్. ఇద్దరూ చెప్పేది నిజమే. గొడవంతా అక్కడే ఉంది.

నైట్లు సమానంగా పంచడానికి తలకి ఇన్ని అని భాగించి, మిగిలింది సర్దేస్తే సరిపోతుందనుకుంటారు. నిజానికి ఈ లెక్క ఒక నెలలో తేలదు. ప్రతి నెలా ఒకటో తేదీన చార్టు కొత్తగా మొదలుపెట్టడమే చాలా చోట్ల తగువుకి అసలు కారణం. అదెలాగో ఒక ఉదాహరణతో చూద్దాం.

తిరుపతిలో 30 పడకల ప్రైవేటు ఆసుపత్రి ఒకటి ఉందనుకుందాం. పొద్దున 8 నుంచి 2 వరకు మార్నింగ్, 2 నుంచి రాత్రి 8 వరకు ఈవినింగ్, రాత్రి 8 నుంచి మర్నాడు 8 వరకు నైట్. ఎనిమిదేసి గంటల మూడు షిఫ్టులు చేస్తే నైట్ 12 గంటలుండే బాధ తప్పుతుంది కదా అనిపిస్తుంది. కానీ అప్పుడు రాత్రి 10కీ, తెల్లవారుజామున 6కీ మనుషులు మారాలి. చంద్రగిరి నుంచో పుత్తూరు నుంచో బస్సులో వచ్చే అమ్మాయికి ఆ వేళల్లో రాకపోకలు కష్టం. అందుకే ఇలాంటి ఊళ్లలో ఎక్కువగా 8కి 8 నైటే నడుస్తోంది.

ఈ ఆసుపత్రికి మార్నింగ్‌లో నలుగురు, ఈవినింగ్‌లో ముగ్గురు, నైట్‌లో ఇద్దరు కావాలి. మొత్తం నర్సులు 12 మంది. వాళ్లలో ఇన్‌ఛార్జ్ సిస్టర్ ఎప్పుడూ మార్నింగే, ఆదివారం ఆఫ్. ఒక స్టాఫ్ నర్స్ ఏడో నెల గర్భిణి, ఆమెకు నైట్లు వేయడం లేదు, మార్నింగే ఇస్తున్నారు. నైట్లకి మిగిలింది 10 మంది. 30 రోజుల నెలలో రోజుకి ఇద్దరు చొప్పున 60 నైట్లు. మనిషికి 6. భాగహారం ఇక్కడితో అయిపోయింది. అసలు పని ఇప్పుడు మొదలవుతుంది.

ముందు, ఈ ఆరు నైట్లు ఎలా వేయాలి? కొన్ని ఆసుపత్రుల్లో వారం నైట్లు ఒకేసారి వేసేస్తారు. "ఒక్కసారి అయిపోతే నెలంతా నిశ్చింత" అని నర్సులు కూడా దాన్నే అడుగుతారు. అడుగుతున్నారు కాబట్టి మంచిదనుకోకూడదు. 12 గంటల నైట్లు ఏడంటే ఒక వారంలో 84 గంటలు. పగటి నిద్ర రాత్రి నిద్రంత సాగదు. వీధిలో కూరగాయల బండి అరుపు, ఇంట్లో పిల్లలు, మధ్యాహ్నం కరెంటు పోవడం, అన్నీ కలిసి ఐదు గంటలు పడుకుంటే గొప్ప. నాలుగో రాత్రికి ఆ బాకీ బాగా పేరుకుంటుంది. పైగా రాత్రి 3 నుంచి 5 వరకు ఒంట్లో వేడి, చురుకుదనం రెండూ బాగా తగ్గే సమయం. అలసిన మనిషి పొరపాటు చేసేదీ అప్పుడే. దాని ఆనవాలు కేస్ షీట్లలో దొరుకుతుంది. తెల్లవారుజామున 4 గంటల బీపీ వార్డులో అందరికీ 120/80 అని రాసి ఉందంటే, చూసి రాయలేదనే అర్థం. ఆ రాసిన మనిషిని తిట్టే ముందు ఆమెకది వరసగా ఎన్నో నైటో చార్టులో చూడాలి.

అందుకని మూడు నైట్లు ఒక విడత. పదిహేను రోజులకి ఒక విడత చొప్పున నెలకి రెండు విడతలు. పది మందిని ఐదు జంటలు చేస్తే, ఒక్కో జంట మూడేసి రాత్రులు తీసుకుని పదిహేను రోజులు నిండిస్తాయి. జంటలో ఒకరు సీనియర్ అయ్యుండాలి. రాత్రి ఒకరు క్యాజువాలిటీకి దిగితే వార్డులో ఒక్కరే మిగులుతారు, ఆ ఒక్కరూ కొత్త పిల్ల కాకూడదు. 30 పడకలకి రాత్రి ఇద్దరు చాలతారా అంటే, అది వేరే ప్రశ్న. చార్టు ఉన్న మనుషుల్ని పంచగలదు, లేని మనుషుల్ని పుట్టించలేదు.

ఇక చార్టుల్లో ఎక్కువగా జరిగే అన్యాయం, చూడగానే కనిపించనిది ఒకటుంది. మూడో తేదీ నైట్‌కి వెళ్లిన నర్స్ నాలుగో తేదీ పొద్దున 8కి దిగుతుంది. హ్యాండోవర్ ఇచ్చి ఇల్లు చేరేసరికి 9 దాటుతుంది. ఆ నాలుగో తేదీ గడిలో 'ఆఫ్' అని రాసి, ఐదో తేదీ మార్నింగ్ వేసేస్తారు. కాగితం మీద ఆమెకి వీక్లీ ఆఫ్ వచ్చినట్టే ఉంటుంది. నిజానికి నాలుగో తేదీలో మొదటి 8 గంటలు ఆమె డ్యూటీలోనే ఉంది. మిగతా పగలు నిద్రలో పోతుంది. అది ఆఫ్ కాదు, నైట్‌లో మిగిలిన ముక్క. అందుకే చార్టులో దానికి వేరే గుర్తు ఉండాలి. 'దిగిన రోజు' అనే అందాం. దాని తర్వాతి రోజే అసలు ఆఫ్. ఈ రెండింటికీ ఒకే అక్షరం వాడుతున్నంత కాలం నెలకి రెండు ఆఫ్‌లు అలా ఎవరికీ తెలియకుండా మాయమవుతూనే ఉంటాయి.

దీన్ని కలుపుకుని ఒక నర్స్ పదిహేను రోజుల వరస ఇలా వస్తుంది. మూడు నైట్లు, దిగిన రోజు, ఆఫ్. తర్వాత మూడు మార్నింగ్‌లు, మూడు ఈవినింగ్‌లు, ఒక ఆఫ్, మళ్లీ మూడు ఈవినింగ్‌లు. అక్కడినుంచి మళ్లీ నైట్లు. మార్నింగ్ నుంచి ఈవినింగ్‌కి, ఈవినింగ్ నుంచి నైట్‌కి జరగడం ఒంటికి తేలిక, ఎందుకంటే ఆలస్యంగా పడుకోవడం అలవాటైనంత సులువుగా ముందే పడుకోవడం అలవాటు కాదు. ఈ వరసలో ఎక్కడా వెనక్కి దూకడం లేదు. నైట్ తర్వాత మార్నింగ్ వచ్చేచోట మధ్యలో రెండు రోజులున్నాయి.

ఇప్పుడు ఐదు జంటల్నీ మూడేసి రోజుల తేడాతో ఇదే వరసలో నిలబెట్టండి. మొదటి జంట 1వ తేదీన నైట్ ఎక్కితే రెండోది 4న, మూడోది 7న, నాలుగోది 10న, ఐదోది 13న. ఏ తేదీ తీసుకున్నా ఒక జంట నైట్‌లో ఉంటుంది, ఒక జంట విశ్రాంతిలో, ఒక జంట మార్నింగ్‌లో, రెండు జంటలు ఈవినింగ్‌లో. నమ్మకం లేకపోతే ఒక తేదీ తీసి లెక్కపెట్టి చూడొచ్చు. మార్నింగ్‌లో ఆ ఇద్దరికి తోడు ఇన్‌ఛార్జ్, గర్భిణి నర్స్ కలిస్తే కావాల్సిన నలుగురు. ఈవినింగ్‌లో నలుగురు వస్తారు, కావాల్సింది ముగ్గురే. అంటే రోజుకి ఒక మనిషి మిగులు. ఆ మిగులు సంగతి కాసేపట్లో.

చాలామంది ఇన్‌ఛార్జ్‌లు చార్టు ఇంకా పొడుగు నోట్‌బుక్‌లో పెన్సిల్‌తోనే గీస్తారు. వాళ్లకి దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. ఒక కాగితం పట్టీ మీద ఈ పదిహేను అక్షరాలు చార్టు గడుల కొలతకే రాసుకుని, ఒక్కో జంటకి మూడు గడులు కుడికి జరుపుతూ కాపీ చేసుకుంటే సరి. ఎక్సెల్ వాడేవాళ్లకైతే ఒకే ఒక్క ఫార్ములా చాలు. నాలుగో అడ్డ వరసలో C4 నుంచి తేదీలు, B నిలువు వరసలో B5 నుంచి ఆ నర్స్ మొట్టమొదట నైట్ ఎక్కిన తేదీ రాసి, ఈ ఫార్ములాని C5లో పెట్టి మిగతా గడులన్నింటికీ లాగాలి.

```
=MID("NNNPOMMMEEEOEEE", MOD(C$4-$B5,15)+1, 1)
```

ఇందులో `N` నైట్, `P` దిగిన రోజు, `O` ఆఫ్, `M` మార్నింగ్, `E` ఈవినింగ్. ఈ ఫార్ములాకి నెల అంటే ఏమిటో తెలియదు. B లో ఉన్న తేదీ నుంచి ఎన్ని రోజులు గడిచాయో మాత్రమే చూస్తుంది. దీని బలమంతా ఆ తెలియకపోవడంలోనే ఉంది.

ఎందుకో చూద్దాం. సోమవారంతో మొదలయ్యే 30 రోజుల నెల తీసుకోండి. శనివారాలు 6, 13, 20, 27. ఆదివారాలు 7, 14, 21, 28. మొదటి జంట నైట్లు 1, 2, 3, ఆ తర్వాత 16, 17, 18. ఒక్క శనివారం లేదు, ఒక్క ఆదివారం లేదు. రెండో జంటకి 4, 5, 6, తర్వాత 19, 20, 21. ఇందులో రెండు శనివారాలు, ఒక ఆదివారం. మూడో జంటకి ఒక ఆదివారం, నాలుగో జంటకి ఒక శనివారం. ఐదో జంటకి 13, 14, 28, అంటే మళ్లీ మూడు. అందరివీ ఆరే నైట్లు. శని, ఆదివారాలు మాత్రం సున్నా, మూడు, ఒకటి, ఒకటి, మూడు. మొదట్లో ఆ నర్స్ అన్న మాట ఇదే.

ఈ నెల వరకే చూస్తే దీన్ని సరిచేయాలని చెయ్యి దురద పెడుతుంది. రెండో జంట శనివారం ఒకటి తీసి మొదటి జంటకి వేద్దామనిపిస్తుంది. అలా వేస్తే మూడు నైట్ల విడత విరుగుతుంది, దిగిన రోజు ఇంకోటి పుడుతుంది, మార్నింగ్‌లో ఒక గడి ఖాళీ అవుతుంది, దాన్ని నింపడానికి ఇంకొకరి ఆఫ్ తీయాలి. రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం చిరిగేది ఇలాంటప్పుడే. వదిలేస్తే చాలు. పదిహేను రోజులంటే రెండు వారాలు, పైన ఒక రోజు. కాబట్టి ఒక జంట విడత ఈసారి సోమవారం మొదలైతే వచ్చేసారి మంగళవారం, ఆ తర్వాత బుధవారం. ఏడు విడతల్లో వారమంతా తిరిగొస్తుంది. అంటే 105 రోజుల్లో ప్రతి జంటకీ 21 నైట్లు, వాటిలో ప్రతి వారం పేరూ సరిగ్గా మూడేసి సార్లు. మూడు శనివారాలు, మూడు ఆదివారాలు, ఎవరికీ ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు. ఇదే లెక్కని గుర్తుపెట్టుకోవడం సులువని 14 రోజుల వరసగా పెట్టుకునేవాళ్లున్నారు. అప్పుడు శనివారం ఎవరికి పడితే ఇక ఎప్పటికీ వాళ్లకే.

ఇదంతా వరస తెగకుండా నడిస్తేనే. నెల నెలా ఒకటో తేదీన మొదటి జంటతో మళ్లీ మొదలుపెట్టారనుకోండి. 30 రోజుల నెలలో ఏమీ కాదు, 30కి 15 రెండుసార్లు సరిపోతుంది. 31 రోజుల నెలలో 31వ తేదీ మొదటి జంటకి పడుతుంది. మర్నాడు ఒకటో తేదీ, మళ్లీ వాళ్లే. 31, 1, 2, 3, వరసగా నాలుగు నైట్లు. ఇలాంటి నెలలు ఏడాదికి ఏడు. ఫిబ్రవరిలో దీనికి తిరగబడి ఐదో జంటకి రెండు నైట్లు తగ్గుతాయి. ఏడాది తిరిగేసరికి మొదటి జంటకి 79, మధ్య మూడు జంటలకి 72 చొప్పున, ఐదో జంటకి 70. ఎవరూ కావాలని చేసింది కాదు. కానీ తొమ్మిది నైట్లు ఎక్కువ చేసిన మనిషికి అది కావాలని చేసినట్టే ఉంటుంది, ముఖ్యంగా ఐదో జంటలో ఉన్నది ఇన్‌ఛార్జ్‌కి బాగా కావాల్సిన అమ్మాయి అయితే. వరస తెంపకుండా నడిపితే ఏడాదికి ఎవరి మధ్యా మూడు నైట్లకి మించి తేడా రాదు, ఆ మూడు కూడా తర్వాతి ఏళ్లలో సర్దుకుంటాయి.

అయినా నెల చార్టు చూసేవాళ్లకి 105 రోజులు కనిపించవు కదా. అందుకే చార్టు పక్కనే ఒక చిన్న పద్దు అంటించాలి. పేరు, గడిచిన విడతలు, మొత్తం నైట్లు, వాటిలో శని, ఆదివారాలు. ఎక్సెల్‌లో అయితే 30 రోజుల నెలకి శని, ఆది నైట్లు ఇలా వస్తాయి, 31 రోజులైతే AF బదులు AG రాయాలి.

```
=SUMPRODUCT((C5:AF5="N")*(WEEKDAY(C$4:AF$4,2)>=6))
```

"నాకే ఎందుకు?" అనే ప్రశ్నకి ఇన్‌ఛార్జ్ నోటిమాట కంటే ఈ పద్దు మంచి జవాబు. జూనియర్లని ఒక జంట నుంచి ఇంకో జంటకి మార్చాలంటే కూడా 105 రోజులు పూర్తయ్యాకే మార్చాలి. మధ్యలో మారిస్తే వాళ్ల శనివారాల లెక్క చెదిరిపోతుంది.

ఇక ఈవినింగ్‌లో మిగిలే ఆ ఒక్క మనిషి. పదిహేను రోజుల్లో 15 మిగుళ్లు. ఇన్‌ఛార్జ్‌కి ఆదివారం ఆఫ్ కాబట్టి ఆ రోజు ఒకరు ఈవినింగ్ నుంచి మార్నింగ్‌కి జరగాలి. గర్భిణి నర్స్ ఆఫ్ రోజూ అంతే. అలా నాలుగు పోతే సుమారు 11 మిగులుతాయి. పది మందికి పదిహేను రోజులకి ఒక్కొక్క రోజు అదనపు ఆఫ్, పైన ఒకటి చేతిలో.

ఆ అదనపు ఆఫ్ ఎక్కడ ఇవ్వాలన్నది ఆలోచించి చేయాలి. వరసలో నైట్లకి ముందు మూడు ఈవినింగ్‌లు ఉన్నాయి. అవి 18 గంటలు, మూడు నైట్లు 36 గంటలు, కలిపి ఆరు రోజుల్లో 54. వారానికి 48 గంటల హద్దు పెట్టుకున్న ఆసుపత్రిలో ఇది దాటినట్టే. ఆ మూడు ఈవినింగ్‌లలో ఒకటి తీసేస్తే సరిగ్గా 48 అవుతుంది. ఏ తేదీన చూసినా ఆ మూడు ఈవినింగ్‌ల దశలో ఉండేది ఒకే జంట. మూడు రోజుల్లో మూడు మిగుళ్లు, ఆ ఇద్దరికీ ఒక్కోటి, మూడోది ఇన్‌ఛార్జ్ లేదా గర్భిణి నర్స్ ఆఫ్‌కి. లెక్క దానంతటదే కుదురుతుంది. దీన్ని పట్టించుకోకుండా ముందు అడిగినవాళ్లకి ముందు అన్నట్టు ఆఫ్‌లు ఇచ్చుకుంటూ పోతే, అడగడం మొహమాటపడే మనిషి ప్రతిసారీ 54 గంటలు మోస్తుంది.

మొహమాటం దగ్గరికొచ్చాం కాబట్టి ఇంకో మాట. చాలా చిన్న ఆసుపత్రుల్లో నైట్ల భారం హాస్టల్ అమ్మాయిల మీద పడుతుంది. శ్రీకాళహస్తి నుంచో, పీలేరు నుంచో వచ్చి ఆసుపత్రి పై అంతస్తు గదిలో ఉండే పెళ్లికాని పిల్లలు. "పైనే కదా ఉండేది, వాళ్లకేం ఇబ్బంది?" అన్నది వాదన. వాళ్ల ఇబ్బంది ఏమిటంటే, నైట్ లేని రోజు కూడా కేసు ఎక్కువైతే కిందికి పిలిచేది వాళ్లనే. ఆ పిలుపులు ఏ చార్టులోనూ ఎక్కవు. పిలిచినప్పుడల్లా గంటలు రాసుకుని, ఆరు గంటలు నిండినప్పుడల్లా ఒక ఈవినింగ్ తగ్గించడం కనీస న్యాయం.

ఊరి నుంచి వచ్చేవాళ్లకి నైటే కష్టమనుకోవడం కూడా పొరపాటు. నైట్‌కి వచ్చే అమ్మాయి సాయంత్రం బస్సెక్కి వెలుతురు ఉండగానే బయల్దేరుతుంది, పొద్దున వెలుతురులో తిరిగి వెళ్తుంది. ఈవినింగ్ చేసిన అమ్మాయి రాత్రి 8కి దిగి, హ్యాండోవర్ అయ్యేసరికి 8:20, బస్టాండుకి వెళ్లి బస్సు పట్టుకుని ఊళ్లో దిగేసరికి పది. ఆమెని ఇంటి నుంచి ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్లాలి. అలాంటి మనిషిని అడిగితే "ఈవినింగ్ తగ్గించి ఒక నైట్ ఎక్కువ వేయండి" అనవచ్చు. చార్టు గీసే ముందు ప్రతి ఒక్కరినీ ఏది కష్టమో అడగాలి. ఎవరినీ అడగకుండా జాలిపడి తీసేసిన షిఫ్టు ఇంకొకరి నెత్తిన పడుతుంది.

చార్టు అంటించాక దాన్ని మార్చేది ఎక్స్‌ఛేంజ్‌లు. వాటిని ఆపలేం, ఆపాల్సిన అవసరమూ లేదు. రెండు నియమాలు చాలు. నైట్‌కి నైటే మార్చుకోవాలి, నైట్ ఇచ్చి మార్నింగ్ తీసుకోవడం కుదరదు. ఇద్దరూ చార్టు మీదే ఎర్ర ఇంకుతో సంతకం పెట్టాలి. ఆ సంతకం పెట్టించేటప్పుడు ఇన్‌ఛార్జ్ చూడాల్సింది ఒక్కటే, మార్చాక ఎవరికైనా నైట్ తర్వాతి గడిలో మార్నింగో ఈవినింగో వచ్చిందా అని. వస్తే ఒప్పుకోకూడదు, ఇద్దరూ ఎంత బతిమాలినా సరే. పద్దులో నైట్ ఎక్కేది కూడా చార్టులో పేరున్న మనిషికి కాదు, అటెండెన్స్ రిజిస్టర్లో సంతకం చేసిన మనిషికి. మూడు నెలలు ఇలా రాస్తే ఒక సంగతి బయటపడుతుంది. ఎక్స్‌ఛేంజ్‌లు ఎప్పుడూ ఒకే దిక్కుకి పోతున్నాయా? ఒకరు ఎప్పుడూ ఇస్తూ, ఒకరు ఎప్పుడూ తీసుకుంటూ ఉంటే అది స్నేహం కాకపోవచ్చు. నైట్ ముందురోజే సిక్ లీవులు పడుతుంటే దానికీ ఒక కారణం ఉంటుంది.

పండగ రాత్రులు మాత్రం ఏ వరసకీ లొంగవు. డిసెంబర్ 24 రాత్రి, దీపావళి, సంక్రాంతి, రంజాన్, మే నెలలో గంగమ్మ జాతర. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజైతే ఊరంతా జనమే, రాత్రి 8కి రిలీవర్ రావడమే గగనం. ఆ రోజు ఈవినింగ్ వాళ్లు 9 దాకా ఉండాల్సి వస్తుందని ముందే రాసుకోవడం మంచిది. మిగతా పండగలకి సమానత్వం కంటే మార్పిడి బాగా పనిచేస్తుంది. ఏడాది మొదట్లో ఒక్కొక్కరూ తమకి ఏ రెండు రాత్రులు తప్పనిసరిగా వద్దో రాసివ్వాలి. క్రైస్తవ నర్సులు డిసెంబర్ 24 రాస్తారు, మిగతావాళ్లు ఎక్కువగా దీపావళి, సంక్రాంతి రాస్తారు. ఒకరి పండగ ఇంకొకరికి మామూలు రాత్రి కాబట్టి ఇవి చాలావరకు నైట్‌కి నైట్‌గా మారిపోతాయి. అందరూ ఒకే రాత్రి రాస్తే, పోయిన ఏడాది ఆ రాత్రి చేసిన వాళ్లకి ఈసారి మినహాయింపు. అందుకోసం పోయినేడు పద్దు పారేయకుండా ఉంచుకోవాలి.

ఈ ఏర్పాటు ఎక్కడ విరుగుతుందో కూడా తెలిసుండాలి. ఒక్కరు మానేస్తే చాలు. ఒక సీటు ఖాళీ అయితే పదిహేను రోజుల్లో 3 నైట్లు, 9 పగటి డ్యూటీలు, మొత్తం 12 నింపాలి. చేతిలో ఉన్న మిగులు 11. అంటే అందరి అదనపు ఆఫ్‌లూ పోతాయి, ఇంకా ఒకటి లోటు. నైట్లు ఉన్న వారంలో మళ్లీ 54 గంటలు. ఇక ఎవరికైనా జ్వరం వస్తే డబుల్ డ్యూటీయే. నైట్‌లో ఖాళీ నింపడం ఇంకా ఖరీదు. వరస మధ్యలో, ఆఫ్‌కి ముందున్న మూడు ఈవినింగ్‌ల్లో ఉన్న మనిషిని ఒక నైట్‌కి తీసుకుంటే, ఆ రోజు ఈవినింగ్ పోతుంది, మర్నాడు దిగిన రోజు కాబట్టి ఇంకొకటి పోతుంది. ఒక్క నైట్‌కి రెండు ఈవినింగ్‌లు. అయినా తీసుకుంటే అక్కడినుంచే తీసుకోవాలి. అప్పుడే నైట్ దిగిన మనిషినో, రెండు రోజుల్లో నైట్ ఎక్కబోయే మనిషినో కదపకూడదు.

మన ఉదాహరణలో ఆ ఖాళీ ముందే కనిపిస్తోంది. గర్భిణి నర్స్ రెండు నెలల్లో సెలవు మీద వెళ్తుంది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో జరిగిన సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లల వరకు ప్రసూతి సెలవు 26 వారాలు. ఆమె నైట్లు చేయడం లేదు కాబట్టి నైట్ల వరసకి దెబ్బ తగలదు. కానీ మార్నింగ్‌లో నలుగురికి ముగ్గురే అవుతారు, రోజూ ఈవినింగ్ మిగులు మనిషి అటు జరగాలి. ఆదివారం ఇన్‌ఛార్జ్ కూడా ఉండదు కాబట్టి మొత్తం మీద ఒకరు తక్కువ. కొత్తగా చేరే నర్స్‌ని మొదటి నెల నైట్‌లో మూడో మనిషిగా తప్ప వేయకూడదు. అలాగే ఆమెకి వార్డు అలవాటు కావడానికి మరో నెల పడుతుంది. కాబట్టి ఆ పోస్టుకి మనిషిని వెతకడం సెలవు మొదలయ్యాక కాదు, ఆమెని నైట్ల నుంచి తీసిన రోజే మొదలుపెట్టి ఉండాల్సింది.